బట్టల కొట్టుకు నెలవారీ నగదు అంచనా షీటు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి లెక్కలన్నీ ఒకే ఉదాహరణ మీద నడుస్తాయి. చిన్న పట్టణంలో చీరలు, రెడీమేడ్ దుస్తులు అమ్మే కొట్టు. నలుగురు పనివాళ్లు. జీఎస్టీలో కాంపోజిషన్ పద్ధతి. 2026 జూలై నుంచి డిసెంబరు దాకా ఆరు నెలల అంచనా. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి, వాటి చోట మీవి పెట్టుకోండి. పండగల తేదీలు మాత్రం పంచాంగంలో ఉన్నవే.

లాభం లెక్క చూసుకుంటున్నాం కదా, మళ్లీ ఈ షీటు దేనికి?

చీర అమ్మిన రోజున లాభం వచ్చిందని పుస్తకం చెబుతుంది. దాని తాలూకు డబ్బు సరుకు బిల్లు కట్టే రూపంలో ఎప్పుడో బయటికి పోయి ఉండొచ్చు, అరువు రూపంలో ఇంకా లోపలికి రాకనే పోవచ్చు. ఈ షీటు అడిగేది ఒక్కటే: ఏ నెలలో ఎంత డబ్బు చేతికొస్తుంది, ఎంత చేయి దాటుతుంది, చివరికి గల్లాలోనూ బ్యాంకులోనూ కలిపి ఎంత మిగులుతుంది? అమ్మకాలు ఏడాది పొడవునా ఒకేలా ఉండే కొట్టుకు ఇది అంత అవసరం కాదు. దసరాకు ముందు రెండు నెలలు సరుకు దింపుకుని, ఆ సరుకు డబ్బు దసరా వారంలో చూసుకునే కొట్టుకు ఇది లేకపోతే నడవదు.

షీటులో ఏ వరుసలు ఉండాలి?

ఎక్సెల్ అయినా గూగుల్ షీట్స్ అయినా ఒకటే. ఒక్క షీటు చాలు. A నిలువు వరుసలో పేర్లు, B లో గడిచిపోయిన నెల (జూన్), C నుంచి H దాకా జూలై మొదలు డిసెంబరు వరకు. జూన్ ఎందుకంటే, జూన్‌లో ఇచ్చిన అరువు జూలైలో వసూలవుతుంది, జూన్ సరుకు బిల్లు జూలైలో కడతాం.

2వ వరుసలో అమ్మకాలు, 3వ వరుసలో ఆ నెల వచ్చిన సరుకు బిల్లుల మొత్తం రాయండి. ఈ రెండూ డబ్బు కదలికలు కావు, లెక్కకు ఆధారాలు మాత్రమే. 4వ వరుస ఖాళీ. అసలు షీటు 5 నుంచి మొదలవుతుంది. 5లో నెల మొదటి నిల్వ, 6లో ఈ నెల అమ్మకంలో అప్పుడే చేతికొచ్చేది, 7లో పోయిన నెల అరువు వసూలు, 8లో మొత్తం రాక. 9లో సరుకు బిల్లుల చెల్లింపు, 10 నుంచి 16 వరకు అద్దె, జీతాలు, కరెంటు, బ్యాంకు వాయిదా, చీటీ, చిల్లర ఖర్చులు, ఇంటికి తీసుకునేది. 17లో ఎప్పుడో ఒకసారి వచ్చే ఖర్చులు: బోనస్, పన్ను, బీమా, దీపావళికి ముందు సున్నాలు. 18లో మొత్తం పోక, 19లో నెలాఖరు నిల్వ.

పక్కన K1 లో 80%, K2 లో 18%, K3 లో 155000 రాసి పెట్టండి. అవేమిటో కింద వస్తుంది.

ఫార్ములాలు ఎలా వేయాలి?

C5 లో జూలై 1 ఉదయం గల్లా, బ్యాంకు కలిపి ఉన్న డబ్బు చేత్తో రాయండి. ఉదాహరణలో అది 200000. మిగతావి ఇలా:

```
C6:  =C2*$K$1
C7:  =B2*$K$2
C8:  =C6+C7
C9:  =B3
C18: =SUM(C9:C17)
C19: =C5+C8-C18
D5:  =C19
```

C6 నుంచి C9 వరకు, C18, C19 లను కుడివైపు H దాకా లాగండి. D5 ను కూడా H దాకా లాగాలి. C5 ను మాత్రం లాగకండి. లాగితే అన్ని నెలలూ రెండు లక్షలతోనే మొదలై షీటు చూడముచ్చటగా ఉంటుంది, కానీ అంతా అబద్ధం. K1 చుట్టూ ఉన్న డాలరు గుర్తులు వదిలేస్తే లాగినప్పుడు అది L1, M1 అవుతుంది. అక్కడ ఏమీ ఉండదు కాబట్టి ఆగస్టు నుంచి 6వ వరుస సున్నా చూపిస్తుంది.

80%, 18% ఎక్కడివి? మిగతా 2% ఏమైంది?

అమ్మకంలో 80% నగదు, యూపీఐ, కార్డు రూపంలో ఆ నెలే వస్తుందని, 18% ఖాతా రాసుకున్నది మరుసటి నెల వస్తుందని, 2% ఇక రాదని ఈ కొట్టు అనుకుంది. మీ అంకె తెలుసుకోవాలంటే ఖాతా పుస్తకంలో గత ఏడాది ఏవైనా మూడు నెలలు తీసుకుని, ఆ నెలల్లో రాసిన అరువులో మరుసటి నెలాఖరుకు ఎంత తీరిందో కూడి, అది ఆ నెలల అమ్మకంలో ఎంత శాతమో చూడండి. గుర్తున్నదాన్ని బట్టి చెప్పకండి. రానిదాన్ని మనం తక్కువగానే గుర్తుంచుకుంటాం.

వరి పండే ప్రాంతాల్లో రైతుల ఖాతాలు మరుసటి నెల తీరవు, ధాన్యం అమ్మిన డబ్బు చేతికొచ్చాకే తీరతాయి. అలాంటి అరువును 18% లో కలపకుండా ఇంకో వరుస చేర్చి, మీ ఊళ్లో వానాకాలం ధాన్యం డబ్బు పడే నెలలో చేత్తో రాయడమే మంచిది.

అమ్మకాలు ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు 2వ వరుసలో ఏం రాయాలి? పోయిన ఏడాది అదే నెల అంకె రాస్తే సరిపోదా?

సరిపోదు. ఎక్కువ షీట్లు చెడేది ఇక్కడే.

మన బేరాలు నడిచేది తెలుగు నెలల మీద, షీటులో ఉండేవి ఇంగ్లీషు నెలలు. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది, అంటే దసరా గిరాకీ దాదాపు అంతా సెప్టెంబరులోనే పడింది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి దసరా అక్టోబరు 20కి జరిగింది. దీపావళి కూడా 2025లో అక్టోబరు 20, 2026లో నవంబరు 8. పోయిన ఏడాది సెప్టెంబరు అంకెను ఈ సెప్టెంబరులో రాస్తే, రాని దసరాను ఒక నెల ముందే జమ వేసుకున్నట్టు. ఆ డబ్బు వస్తుందని నమ్మి సరుకు బిల్లులకు తేదీలు ఇచ్చేస్తారు.

శ్రావణం సంగతీ అంతే. 2025లో అది జూలై 25న మొదలైంది, 2026లో ఆగస్టు 13న. కాబట్టి ఈసారి ఆగస్టు మొదటి పన్నెండు రోజులూ ఆషాఢమే. డిస్కౌంటు బోర్డు పెడితే తప్ప గిరాకీ కదలదు.

దీనికి పరిష్కారం సులువే, రోజువారీ అమ్మకం మీ దగ్గర ఉంటే. వేరే షీటులో A లో తేదీ, B లో ఆ రోజు అమ్మకం, పోయిన ఏడాదివి పెట్టండి. బిల్లింగు సాఫ్ట్‌వేర్ నుంచి దించుకోవచ్చు, లేదా చిట్టా పుస్తకం చూసి ఎక్కించుకోవచ్చు. దసరా 18 రోజులు వెనక్కి జరిగింది కాబట్టి 2026 అక్టోబరు 1 నుంచి 31 వరకు అంటే 2025లో సెప్టెంబరు 13 నుంచి అక్టోబరు 13 వరకు. ఆ రోజువారీ షీటులోనే D1 లో ఇలా వేయండి:

```
=SUMIFS(B:B,A:A,">="&DATE(2025,9,13),A:A,"<="&DATE(2025,10,13))
```

వచ్చిన మొత్తాన్ని ఈ ఏడాది ధరలు, పక్కన తెరిచిన కొత్త కొట్టు, మీరు పెంచిన సరుకు చూసుకుని కాస్త పెంచండి, లేదా తగ్గించండి. అధిక మాసం లేని ఏడాదిలో పండగలు అంతకు ముందటి ఏడాదికన్నా పదీ పదకొండు రోజులు ముందే వస్తాయి కాబట్టి అప్పుడు ఇటు కాక అటు జరపాలి.

అన్నిటినీ ఇలా జరపకూడదు. సంక్రాంతి జనవరి 14, 15 దాటి పోదు. బళ్లు తెరిచే జూన్ గిరాకీ కూడా అక్కడే ఉంటుంది. పెళ్లి చీరలు ఎక్కువ అమ్మే కొట్టయితే పంచాంగం తీసుకుని నెలకు ఎన్ని ముహూర్తాలు ఉన్నాయో లెక్కపెట్టండి. 2026 మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక మాసం, పెళ్లిళ్లు లేవు. ఇవి చూడకుండా గత మే, జూన్ అంకెలు దింపుకున్న షీటులో ఆ రెండు నెలలూ ఎక్కువ చూపించి ఉంటాయి.

సరే, ఉదాహరణలో లెక్క చివరికి ఎలా తేలింది?

అమ్మకాలు జూన్‌లో 3,50,000. తర్వాత జూలై 4,00,000, ఆగస్టు 6,00,000, సెప్టెంబరు 5,00,000, అక్టోబరు 12,00,000, నవంబరు 8,00,000, డిసెంబరు 4,50,000.

సరుకు బిల్లులకు నెల గడువు. జూన్ బిల్లులు 2,50,000, జూలై 3,50,000, ఆగస్టు 6,00,000, సెప్టెంబరు 8,00,000, అక్టోబరు 3,50,000, నవంబరు 3,00,000. దసరా సరుకు ఆగస్టు, సెప్టెంబరుల్లో దిగుతుంది కాబట్టే ఆ రెండు నెలలూ బరువు.

ప్రతి నెలా తప్పనివి: అద్దె 25,000, జీతాలు 48,000, కరెంటు 9,000, బ్యాంకు వాయిదా 18,000, చీటీ 10,000, చిల్లర 10,000, ఇంటికి 35,000. మొత్తం 1,55,000. K3 లో రాసింది ఇదే. 17వ వరుసలో జూలైలో కాంపోజిషన్ పన్ను 10,000, అక్టోబరులో దసరా బోనస్ 48,000, పన్ను 15,000.

| నెల | మొదటి నిల్వ | రాక | పోక | నెలాఖరు నిల్వ |
|---|---|---|---|---|
| జూలై | 2,00,000 | 3,83,000 | 4,15,000 | 1,68,000 |
| ఆగస్టు | 1,68,000 | 5,52,000 | 5,05,000 | 2,15,000 |
| సెప్టెంబరు | 2,15,000 | 5,08,000 | 7,55,000 | -32,000 |
| అక్టోబరు | -32,000 | 10,50,000 | 10,18,000 | 0 |
| నవంబరు | 0 | 8,56,000 | 5,05,000 | 3,51,000 |
| డిసెంబరు | 3,51,000 | 5,04,000 | 4,55,000 | 4,00,000 |

పన్నెండు లక్షల అమ్మకం చేసిన నెలాఖరున చేతిలో సున్నా. ఎవరూ ఏమీ తినేయలేదు. సెప్టెంబరు బిల్లులు ఎనిమిది లక్షలు అక్టోబరులో కట్టారు, అక్టోబరు అరువు 2,16,000 నవంబరుకు పోయింది. అంతే.

సెప్టెంబరు లోటు 32,000 మాత్రమే కదా, చేబదులు తెచ్చుకుంటే పోదా?

నెలవారీ షీటు దాచేది ఇక్కడే ఉంది. అది నెలాఖరు రోజును మాత్రమే చూపిస్తుంది. నెల మధ్యలో ఎంత లోతుకు దిగారో దానికి తెలియదు.

అక్టోబరును విడిగా చూద్దాం. భాద్రపద అమావాస్య అక్టోబరు 10న. అసలు గిరాకీ ఆ తర్వాతే. పదో తారీకు దాకా రాక 2,20,000 అనుకుందాం. కానీ ఆ పది రోజుల్లోనే అద్దె 25,000, జీతాలు 48,000, బోనస్ 48,000, వాయిదా 18,000, ఎనిమిది లక్షల సరుకు బిల్లుల్లో గడువు తీరిన సగం 4,00,000 వెళ్లాలి. మొత్తం 5,39,000. మొదట్లోనే 32,000 లోటుతో ఉన్నాం కాబట్టి పదో తారీకు సాయంత్రానికి నిల్వ మైనస్ 3,51,000.

అంటే చూసుకోవాల్సిన గుంత 32,000 కాదు, మూడున్నర లక్షలు. కాబట్టి నెలాఖరు నిల్వ K3 కన్నా తక్కువకు దిగిన నెలనూ, దాని తర్వాతి నెలనూ మాత్రం వేరే షీటులో మూడు ముక్కలుగా విడగొట్టండి: 1 నుంచి 10, 11 నుంచి 20, 21 నుంచి నెలాఖరు. అన్ని నెలలనూ విడగొట్టనక్కర్లేదు. అంత పని పెట్టుకుంటే రెండో నెలకే షీటు మూలన పడుతుంది.

తక్కువకు దిగిన నెల కంటికి కనబడాలంటే C19 నుంచి H19 వరకు ఎంచుకుని Conditional formatting లో ఈ ఫార్ములా వేసి ఎర్ర రంగు ఇవ్వండి:

```
=C$19<$K$3
```

ఉదాహరణలో సెప్టెంబరు, అక్టోబరు ఎర్రబడతాయి.

ఆ గుంత ఎలా పూడ్చాలి?

ముందు సరుకు ఇచ్చిన వ్యాపారితో మాట్లాడటం. పదో తారీకు లోపు కట్టాల్సిన నాలుగు లక్షలను 25కు జరిపితే పదో తారీకు నిల్వ 49,000 మిగులుగా మారుతుంది. నూటికి రూపాయిన్నర వడ్డీ అడిగినా పదిహేను రోజులకు 3,000. బ్యాంకులో ఓడీ ఉంటే ఇంకా తక్కువ పడొచ్చు: ఏడాదికి 12% చొప్పున 3,51,000 పదిహేను రోజులు వాడితే సుమారు 1,730. కాకపోతే ఓడీ పరిమితి అక్టోబరు 5న అడిగితే పదో తారీకుకు రాదు. షీటు జూలైలో వేసుకునేది అందుకే. పరిమితి ఎంత అడగాలంటే, గుంత 3,51,000 మీద ఒక నెల తప్పని ఖర్చు 1,55,000 కలిపి, సుమారు ఐదు లక్షలు.

మూడో దారి సరుకు తక్కువ దింపడం. ఎవరూ ఇష్టపడరు, కానీ కింది ప్రశ్న చదివాక ఒకసారి ఆలోచించండి.

దసరా బేరం అనుకున్నంత లేకపోతే?

అక్టోబరు అమ్మకం 12 లక్షల బదులు 9 లక్షలని F2 లో మార్చి చూడండి. అక్టోబరు రాక 2,40,000 తగ్గుతుంది, నవంబరు వసూలు 54,000 తగ్గుతుంది. అక్టోబరు నెలాఖరు మైనస్ 2,40,000, నవంబరు 57,000, డిసెంబరు 1,06,000. పోకలో ఒక్క రూపాయి కూడా తగ్గదు, ఎందుకంటే సరుకు అప్పటికే దిగింది. కొన్న ధర అమ్మకంలో 70% అనుకుంటే, అమ్ముడుపోని 2,10,000 సరుకు అల్మారాలో కూర్చుంటుంది, అదీ వచ్చే ఏడాది పాతబడిన డిజైన్‌గా.

ఈ మార్పు అసలు షీటులో చేయకండి. షీటు పేరు మీద కుడి క్లిక్ చేసి నకలు తీసుకుని అందులో చేయండి.

ఓడీలో తీసిన డబ్బు, పాడిన చీటీ, ఇంట్లోంచి తెచ్చినది ఎక్కడ రాయాలి?

7, 8 వరుసల మధ్య "ఇతర రాక" అనే వరుస చేర్చి అక్కడ. అప్పుడు C9కి జరిగే మొత్తం రాక ఫార్ములాలో ఆ వరుస చేరిందో లేదో చూసుకోండి. ప్లస్ గుర్తుతో రాసిన ఫార్ములా కొత్త వరుసను తనంతట తాను కలుపుకోదు. వీటిని అమ్మకాల్లో ఎప్పుడూ కలపకండి. కలిపితే 80% వాటికీ పడుతుంది, పైగా వచ్చే ఏడాది అంచనాకు ఆ తప్పు అంకె ఆధారమవుతుంది. చీటీ పాడుకున్నాక ఆ డబ్బు ఒకసారి రాకలో వస్తుంది, వాయిదాలు మాత్రం చీటీ ముగిసేదాకా పోకలో ఉంటాయి. చాలామంది పాడగానే వాయిదా వరుస తుడిచేస్తారు.

పన్నులు ఏ నెలలో పడతాయి?

కాంపోజిషన్ వ్యాపారి అమ్మకం మీద 1% మూడు నెలలకోసారి కడతాడు. త్రైమాసికం ముగిసిన మరుసటి నెల 18వ తేదీ గడువు. ఉదాహరణలో జూలై నుంచి సెప్టెంబరు అమ్మకం 15 లక్షలు, పన్ను 15,000 అక్టోబరులో.

మామూలు పద్ధతిలో నెలనెలా రిటర్ను వేసేవారికి మరుసటి నెల 20 గడువు. వారి షీటులో అమ్మకాలు, కొనుగోళ్లు రెండూ పన్నుతో కలిపిన అంకెలే ఉండాలి, కట్టే తేడా మాత్రం 17వ వరుసలో. సరుకు ఎక్కువ దిగిన నెల క్రెడిట్ వల్ల పన్ను దాదాపు ఉండదు, దసరా అమ్మకం పన్ను మాత్రం నవంబరులో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఆదాయపు పన్ను అంచనా లాభం పద్ధతిలో కట్టేవారికి ముందస్తు పన్ను మొత్తం మార్చి 15కే.

షీటులో నిల్వ, చేతిలో డబ్బు ఎందుకు కలవవు?

నెలాఖరు రాత్రి గల్లా లెక్కపెట్టి, బ్యాంకు నిల్వ చూసి, రెండూ కూడండి. తేడా ఉంటే ముందు వెతకాల్సింది ఇంటి ఖర్చులో. గల్లాలోంచి తీసిన ఐదువందలు, పిల్లల ఫీజు, కూరగాయలు ఎవరూ రాయరు. 35,000 అని రాసుకున్న ఇంట్లో 50,000 ఖర్చవడం మామూలే. రెండోది యూపీఐ. కొట్టు క్యూఆర్ కోడ్ యజమాని సొంత ఖాతాకు ఉంటే సగం డబ్బు షీటుకు కనబడదు. కొట్టుకు వేరే కరెంటు ఖాతా ఉంటే ఈ తగాదా తీరుతుంది.

మనుషుల తప్పు కాకపోతే అంకెల తప్పు. "25000 రూ." అని రాస్తే అది అంకె కాదు, అక్షరం. SUM దాన్ని చప్పుడు లేకుండా వదిలేస్తుంది, పోక తక్కువగా కనిపిస్తుంది. ప్లస్ గుర్తు ఫార్ములా అయితే #VALUE! అని అరుస్తుంది, అదే నయం. కామాలు, రూపాయి గుర్తు చేత్తో వేయకండి. గడిలో అంకె ఎడమవైపుకు అతుక్కుని ఉంటే అది అక్షరమేమో అని అనుమానించండి. లక్షల కామాలు కావాలంటే ఎక్సెల్‌లో Custom ఫార్మాట్‌గా ఇది ఇవ్వండి:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

మైనస్ అంకెలకు ఇది పనిచేయదు, -3,51,000 ను -351,000 గానే చూపిస్తుంది.

నెల గడిచాక ఏం చేయాలి?

అంచనా నకలు ఒకటి పక్కన పెట్టి, ఆ నెల గడుల్లో నిజంగా వచ్చినవీ పోయినవీ ఫార్ములాల మీదే రాసేయండి. కుడివైపు కొత్త నెల ఒకటి చేర్చండి, ఎప్పుడూ ఆరు నెలలు ముందుండేలా. నకలుతో పోల్చినప్పుడు అమ్మకం తప్పిందా, వసూలు శాతం తప్పిందా, బిల్లు తేదీ తప్పిందా అన్నది విడివిడిగా చూడండి. అమ్మకం సరిగ్గా వచ్చి నిల్వ తగ్గితే K1, K2 సరిచేయాలి. రెండు నెలలు వరసగా ఒకే వైపు తప్పితేనే మార్చండి, ఒక్క నెలను చూసి కాదు.